మార్జిన్ ఉందని అమ్మేస్తారా? లాట్ల లెక్క ఇలా వేయండి

తాండూరులో నాపరాయి వ్యాపారం చేసే ఒక అన్న నన్ను ఎప్పుడు కలిసినా అడిగే ప్రశ్న ఒకటే. "ఆప్‌ల ఇంక పైసలు ఖాళీగనే చూపిస్తుంది తమ్మీ, ఇంకో రెండు లాట్లు కొట్టొచ్చు గదా?"

ఈ ప్రశ్న ఆయనొక్కడిదే కాదు. మా వికారాబాద్ నుంచి హైదరాబాద్‌కి రైల్లో డ్యూటీకి వెళ్లే నా ఈడు వాళ్లలో ఆప్షన్లు అమ్మేవాళ్లు చాలామంది ఉన్నారు. కొనేవాళ్లకంటే అమ్మేవాళ్లకే గెలుపు ఎక్కువసార్లు వస్తుందని అందరికీ తెలుసు. తెలియనిదల్లా ఎన్ని లాట్లు అమ్మాలన్నదే. చాలామంది ఆ సంఖ్యని ఆప్‌లో కనిపించే మార్జిన్‌ని బట్టి తేల్చేస్తారు. ఈ వారం ఆ లెక్క ఎక్కడ తప్పుతుందో, దాని బదులు ఏ లెక్క వేయాలో చూద్దాం.

మార్జిన్ ఎవరి కోసం?

మీరు ఒక ఆప్షన్ అమ్మితే బ్రోకర్ స్పాన్ మార్జిన్, ఎక్స్‌పోజర్ మార్జిన్ అని రెండు కలిపి డబ్బు బ్లాక్ చేస్తాడు. స్పాన్ అనేది ధర, ఒడిదుడుకులు రకరకాలుగా మారే 16 సందర్భాలు తీసుకుని, వాటిలో మీ పొజిషన్‌కి పెద్ద నష్టం ఎంతో చూసే పద్ధతి. రేపు మీరు డబ్బు కట్టలేకపోతే క్లియరింగ్ కార్పొరేషన్ మునిగిపోకూడదన్నదే దాని ఉద్దేశం. మీ పొదుపులో ఎంత పోతే మీరు తట్టుకోగలరో దానికి తెలియదు, అవసరం కూడా లేదు.

నాపరాళ్ల లోడుతో అనంతగిరి ఘాట్ దిగే లారీని గుర్తు చేసుకోండి. ఇంజిన్ ఎంత బరువు లాగుతుందన్నది ఒక లెక్క. దిగేటప్పుడు బ్రేకులు ఎంత బరువును ఆపగలవన్నది ఇంకో లెక్క. మార్జిన్ చెప్పేది మొదటిది. లోడ్ ఎంత వేయాలో తేల్చాల్సింది రెండోది.

అన్న లెక్కనే తీసుకుందాం. అర్థం కావడానికి గుండ్రటి అంకెలు పెడుతున్నా. పెట్టుబడి 10 లక్షలు. నిఫ్టీ 25,000 దగ్గర ఉంది. లాట్ 65. అంటే ఒక్క లాట్ విలువ 16 లక్షల 25 వేలు. లాట్ సైజు ఒకప్పుడు 25 ఉండేది, తర్వాత 75 అయింది, ఇప్పుడు 65. మళ్లీ మారొచ్చు కాబట్టి ఆర్డర్ పెట్టే ముందు చూసుకోండి.

వారం గడువున్న 24,500 పుట్‌ని 60 రూపాయలకు అమ్మాలని ప్లాన్. లాట్‌కి సుమారు 2 లక్షల మార్జిన్ అనుకుందాం. అంటే 10 లక్షలకి 5 లాట్లు. వచ్చే ప్రీమియం 60 × 65 × 5, అంటే 19,500. వారానికి దాదాపు 2 శాతం. చూడ్డానికి భలే ఉంటుంది. కానీ 10 లక్షలతో 81 లక్షల పైచిలుకు విలువైన సరుకు మీద మాట ఇచ్చామన్న సంగతి ఆ స్క్రీన్ మీద కనిపించదు.

2024 జూన్ 4న ఏం జరిగింది?

ఆ రోజు మనలో చాలామంది టీవీకి అతుక్కుపోయి ఉన్నాం. ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ ఫలితాలు, దేశమంతా లోక్‌సభ ఫలితాలు ఒకే రోజు వచ్చాయి. ముందు రోజు సోమవారం, ఎగ్జిట్ పోల్స్ ఊపులో నిఫ్టీ 733 పాయింట్లు పెరిగి 23,263.90 దగ్గర ముగిసింది. ఇక పడేదేముందిలే అని పుట్లు అమ్మాలనిపించే రోజు అది.

మంగళవారం లెక్కింపు మొదలయ్యాక కథ మారింది. నిఫ్టీ ఒక దశలో 21,281 దాకా పడింది. ముందు రోజు ముగింపుతో పోలిస్తే ఎనిమిదిన్నర శాతం. చివరికి కొంత తేరుకుని 21,884.50 దగ్గర, దాదాపు 6 శాతం నష్టంతో ముగిసింది.

ఇప్పుడు అదే శాతాలని అన్న 5 లాట్లకి వేద్దాం. 25,000 నుంచి 6 శాతం పడితే 23,500. అప్పుడు 24,500 పుట్ విలువ కనీసం 1,000 రూపాయలు. మనం తీసుకున్న 60 పోను నష్టం 940. లాట్‌కి 61,100. ఐదు లాట్లకి 3,05,500. ఎనిమిదిన్నర శాతం పడితే సూచీ 22,875కి వస్తుంది. నష్టం లాట్‌కి 1,01,725, ఐదింటికి 5 లక్షల పైనే. 19,500 కోసం సగం పెట్టుబడి!

దీన్ని మించిన విషయం ఇంకోటుంది. ఆ బుధవారం నిఫ్టీ 22,620 దగ్గర ముగిసింది. శుక్రవారానికి 23,290కి చేరింది. అంటే సోమవారం ఉన్న చోటికంటే కాస్త పైకే. మరి అమ్మినవాళ్లంతా బయటపడ్డారా? పూర్తి మార్జిన్ వాడేసినవాడికి శుక్రవారం దాకా ఉండే అవకాశమే ఉండదు. మార్కెట్ పడుతుంటే నష్టం పెరుగుతుంది. ఒడిదుడుకులు పెరిగినకొద్దీ కావాల్సిన మార్జిన్ కూడా పెరుగుతుంది. ఖాతాలో ఖాళీ లేకపోతే బ్రోకర్ రిస్క్ టీమ్ పొజిషన్ కోసేస్తుంది. ఆ కోత పడేది సాధారణంగా ధరలు అత్యంత ఘోరంగా ఉన్న నిమిషాల్లోనే.

పడ్డాక ఎలాగూ లేస్తుందన్న ధీమా కూడా వద్దు. 2020 మార్చి 23న నిఫ్టీ ఒక్క రోజులో దాదాపు 13 శాతం పడింది. కాల్స్ అమ్మేవాళ్లకీ ఇలాంటి రోజు ఉంది. 2009 ఎన్నికల ఫలితాల తర్వాత, మే 18న, నిఫ్టీ ఒక్క రోజులో 17 శాతానికి పైగా పెరిగింది.

స్టాప్‌లాస్ ఉంది కదా?

ఈ మాట చాలామంది అంటారు. "స్టాప్‌లాస్ 120 దగ్గర పెట్టిన, లాట్‌కి నాలుగు వేలే పోతయి" అని దాని మీద లాట్లు లెక్కేస్తారు. మార్కెట్ నడుస్తున్నప్పుడు నెమ్మదిగా పడితే ఈ లెక్క నిలబడుతుంది. రాత్రికి రాత్రి వార్త వస్తే నిలబడదు. 2025 ఏప్రిల్ 7, సోమవారం చూడండి. అమెరికా సుంకాల భయంతో నిఫ్టీ శుక్రవారం ముగింపుకంటే 1,100 పాయింట్లకు పైగా కిందే ఓపెన్ అయింది. మీ 120 దగ్గర ఎవరూ కొనలేదు, అమ్మలేదు. ధర ఆ అంకెని తాకకుండా దాటేసింది. అలాంటప్పుడు లిమిట్ పెట్టిన స్టాప్‌లాస్ ఆర్డర్ అసలు అమలే కాకపోవచ్చు.

కాబట్టి స్టాప్‌లాస్ పెట్టుకోండి, కానీ లాట్ల సంఖ్య దాని మీద తేల్చొద్దు. సంఖ్యని తేల్చేది ఘోరమైన రోజు నష్టం. నేను వాడే కొలత ఇది: సూచీ ఒక్క రోజులో 10 శాతం అటో ఇటో కదిలితే నా పొజిషన్ విలువ ఎంత? మన ఉదాహరణలో 10 శాతం అంటే 22,500. పుట్ విలువ కనీసం 2,000. నష్టం 1,940 × 65, అంటే లాట్‌కి 1,26,100. 10 శాతం దగ్గర మార్కెట్ మొత్తానికి సర్క్యూట్ పడుతుంది నిజమే. కానీ అది ట్రేడింగ్‌ని కాసేపు ఆపుతుంది, నష్టాన్ని ఆపదు.

హెడ్జ్ చేసినా మునిగేది ఇలాగే

ఇక్కడ తెలివైనవాళ్లు స్ప్రెడ్ వేస్తారు. 24,500 పుట్‌ని 60కి అమ్మి, 24,000 పుట్‌ని 20కి కొంటారు. చేతికొచ్చేది 40. రెండు స్ట్రైకుల మధ్య దూరం 500. అంటే ఎక్స్‌పైరీకి పోయే గరిష్ఠ నష్టం 460 × 65, లాట్‌కి 29,900. నిఫ్టీ 20,000కి పడినా అంతకు మించి పోదు. ఇది నిజంగా మంచి పని. ఘోరమైన నష్టం ఎంతో ఊహించాల్సిన అవసరం లేకుండా, ముందే కాగితం మీద రాసి ఉంటుంది.

చిక్కంతా దీని తర్వాత వస్తుంది. హెడ్జ్ ఉంది కాబట్టి మార్జిన్ తగ్గుతుంది. లాట్‌కి 60,000 అనుకుందాం. ఆప్ చూస్తే 10 లక్షలకి 16 లాట్లు వస్తాయి. ప్రీమియం 41,600. విడిగా అమ్మినప్పుడు వచ్చే 19,500కి రెట్టింపు! "హెడ్జ్ చేసిన గదా, ఇంక భయమేంది" అని 16 లాట్లూ వేసేస్తారు.

ఇప్పుడు నిఫ్టీ 6 శాతం పడి ఎక్స్‌పైరీ దాకా 23,500 దగ్గరే నిలిచిందనుకోండి. హెడ్జ్ లేకుండా 5 లాట్లు అమ్మినవాడి నష్టం 3,05,500. హెడ్జ్ చేసి 16 లాట్లు వేసినవాడి నష్టం 16 × 29,900, అంటే 4,78,400. జాగ్రత్తపడ్డవాడే ఎక్కువ పోగొట్టుకున్నాడు. పైగా అతని పూర్తి నష్టానికి 6 శాతం కూడా అక్కర్లేదు. ఎక్స్‌పైరీకి 4 శాతం కింద, 24,000 దగ్గర ముగిస్తే చాలు.

హెడ్జ్ ఇచ్చిన భద్రత మొత్తాన్ని అదనపు లాట్లు తినేశాయి. నేను చూసినంతలో మన కుర్రాళ్లు ఎక్కువగా పడే గుంత ఇదే.

ఇంకో దెబ్బ ఎక్స్‌పైరీ రోజు ఉదయం తగులుతుంది. 2024 నవంబర్ నుంచి, సెబీ నిబంధన ప్రకారం, ఆ రోజు ముగిసే ఇండెక్స్ ఆప్షన్లు అమ్మి ఉంటే కాంట్రాక్ట్ విలువ మీద 2 శాతం అదనపు మార్జిన్ కట్టాలి. 16.25 లక్షల మీద 2 శాతం అంటే లాట్‌కి 32,500. 16 లాట్లకి 5,20,000. ఖాతాలో మిగిలింది 40,000. మార్కెట్ కదలకపోయినా, మీ అంచనా తప్పకపోయినా, ఆ ఉదయం దాదాపు మూడో వంతు పొజిషన్ కోసుకోవాల్సిందే.

లెక్కని తిరగేయండి

మార్జిన్ నుంచి మొదలుపెట్టి నష్టానికి రావద్దు. నష్టం నుంచి మొదలుపెట్టి లాట్లకి రండి. మూడు హద్దులు చాలు.

మొదటిది, ఒక పొజిషన్ ఘోరంగా పోతే పెట్టుబడిలో ఎంత పోవచ్చన్నది. 3 శాతం అనుకుందాం. 10 లక్షల మీద 30,000.

రెండోది, అన్ని పొజిషన్లూ ఒకేసారి పోతే ఎంత పోవచ్చన్నది. 10 శాతం, అంటే లక్ష.

మూడోది, ఖాతాలో మార్జిన్ ఎంత వాడొచ్చన్నది. సగం. మిగతా సగం మార్జిన్ పెరిగిన రోజు కోసం, ఎక్స్‌పైరీ ఉదయం కోసం.

ఈ శాతాలు ఎక్స్‌ఛేంజ్ పెట్టినవి కావు, నేను పెట్టుకున్నవి. మీకు 2 శాతం, 6 శాతం సరిపోవచ్చు. ముఖ్యమైనదేంటంటే ఆ అంకె ఆర్డర్ పెట్టకముందే రాసి ఉండాలి.

రెండో హద్దుని కాస్త విడమరుస్తా, ఎందుకంటే అందరూ వదిలేసేది దాన్నే. తాండూరు మార్కెట్‌లో ఒక వ్యాపారి ఉన్నాడనుకోండి. గోదాంలో కందులు నింపాడు, కంది రైతులకి అప్పులిచ్చాడు, పప్పు మిల్లులో వాటా పెట్టాడు. పైకి మూడు వ్యాపారాలు. కంది ధర పడిన రోజు మూడూ ఒకటే వ్యాపారం. నిఫ్టీ పుట్, బ్యాంక్ నిఫ్టీ పుట్, ఏదో పెద్ద షేర్ పుట్ అమ్మడం కూడా ఇంతే. జూన్ 4 లాంటి రోజు అవన్నీ కలిసే పడతాయి. కాబట్టి వాటి ఘోరమైన నష్టాలని సగటు చేయొద్దు, కూడండి. ఒకే సూచీ మీద, ఒకే ఎక్స్‌పైరీకి పైన కాల్ స్ప్రెడ్, కింద పుట్ స్ప్రెడ్ రెండూ ఉంటే మాత్రం ఎక్స్‌పైరీకి రెండూ పోవు. అప్పుడు రెంటిలో పెద్దది తీసుకుంటే చాలు.

ప్లెడ్జ్ పెట్టిన షేర్లని కూడా ఈ హద్దులోనే లెక్కేయండి. అన్న 10 లక్షల్లో 4 లక్షలు నిఫ్టీ ఈటీఎఫ్ రూపంలో ప్లెడ్జ్‌లో ఉన్నాయనుకుందాం. 10 శాతం పడిన రోజు అక్కడే 40,000 పోతుంది. దాని మీద వచ్చే మార్జిన్ కూడా అదే రోజు తగ్గుతుంది. లక్ష హద్దులో ఇక మిగిలింది 60,000.

ఫోన్‌లో గూగుల్ షీట్స్ తెరిచి ఇది రాసుకోండి. బీ2లో వాడదగ్గ మార్జిన్, బీ3లో లాట్‌కి కావాల్సిన మార్జిన్, బీ4లో ఒక పొజిషన్ హద్దు, బీ5లో లాట్‌కి ఘోరమైన నష్టం, బీ6లో మొత్తం హద్దులో మిగిలింది.

```
=MIN(INT(B2/B3), INT(B4/B5), INT(B6/B5))
```

మన అంకెలు పెడదాం. మార్జిన్ ప్రకారం 5,00,000ని 60,000తో భాగిస్తే 8 లాట్లు. పొజిషన్ హద్దు ప్రకారం 30,000ని 29,900తో భాగిస్తే 1. మొత్తం హద్దు ప్రకారం 60,000ని 29,900తో భాగిస్తే 2. మూడింటిలో చిన్నది 1. జవాబు ఒక్క లాట్. అది వేశాక బీ6లో 30,100 మిగులుతుంది. ఇలాంటిదే ఇంకొక్క పొజిషన్‌కి చోటుంటుంది. ఆ తర్వాత షీట్ సున్నా చూపిస్తుంది, ఆప్‌లో లక్షలు ఖాళీగా ఉన్నా సరే.

స్ప్రెడ్ కాకుండా విడిగా పుట్ అమ్మితే బీ5లో 1,26,100 పెట్టి చూడండి. జవాబు సున్నా. 10 లక్షలున్నా, ఈ హద్దుల్లో విడిగా ఒక్క లాట్ కూడా అమ్మలేం. 2 లక్షలతో మొదలుపెట్టినవాళ్లకి 3 శాతం అంటే 6,000. వాళ్లకి 500 పాయింట్ల స్ప్రెడ్ పట్టదు. 100 పాయింట్ల స్ప్రెడ్‌లో 10 రూపాయలు దొరికితే గరిష్ఠ నష్టం 90 × 65, అంటే 5,850. ఒక లాట్ పడుతుంది. వచ్చేది 650, అందులోంచి బ్రోకరేజీ, పన్నులు పోవాలి. సున్నా కూడా సరైన జవాబే.

ఈ షీట్ చేయలేనివి

బీ5లో రాసిన నష్టం స్ప్రెడ్‌కి రెండు కాళ్లూ ఉన్నంతవరకే నిజం. కొన్న పుట్‌కి లాభం వచ్చిందని దాన్ని ముందు అమ్మేస్తే, మిగిలేది విడిగా అమ్మిన పుట్. ఆ నిమిషానికి 29,900 కాస్తా 1,26,100 అవుతుంది. అందుకే ఆర్డర్ పెట్టేటప్పుడు ముందు కొనండి, మూసేటప్పుడు ముందు అమ్మినదాన్ని మూయండి. షేర్ల ఆప్షన్లలో ఇంకో చిక్కుంది. నిఫ్టీ డబ్బుతో సెటిల్ అవుతుంది, షేర్ల ఆప్షన్లు డెలివరీకి వెళ్తాయి. సూచీకి పెట్టుకున్న 10 శాతం కొలత కూడా ఒక్కో షేర్‌కి సరిపోదు.

ఇంకొకటి, ఈ లెక్క నష్టం పరిమాణాన్నే పట్టుకుంటుంది. చెడ్డ ట్రేడ్‌ని మంచి ట్రేడ్‌గా మార్చదు. పైన వేసిన స్ప్రెడ్‌లో గెలిస్తే 2,600, పూర్తిగా ఓడితే 29,900. ఫలితాలు ఈ రెండే అనుకుంటే, ఖర్చులు వదిలేసినా 100కి 92 సార్లు గెలిస్తేనే అసలు నిలుస్తుంది. మీ ట్రేడ్లు అన్నిసార్లు గెలుస్తున్నాయో లేదో మీ పాత రికార్డే చెప్పాలి. ఎఫ్ అండ్ ఓలో వ్యక్తిగత ట్రేడర్లలో 93 శాతం మంది 2022 నుంచి 2024 వరకు మూడు ఆర్థిక సంవత్సరాల్లో నష్టపోయారని సెబీ 2024 సెప్టెంబర్‌లో లెక్క చెప్పింది.

తాండూరు అన్నకి ఈ షీట్ పంపిస్తే ఫోన్ చేసి, "గిట్లయితే వారానికి రెండు లాట్లే గద తమ్మీ, ఐదు వేలు. రాళ్లల్లనే ఎక్కువొస్తయి" అన్నాడు. అవునన్నా, ఒక లాట్‌కి 2,600 చొప్పున రెండింటికి 5,200, అదీ అంతా సజావుగా జరిగితే. 10 లక్షల మీద అర శాతం. దానికోసం వారమంతా స్క్రీన్ చూడాలా వద్దా అన్నది ఆయన ఇష్టం. కనీసం ఇప్పుడు ఆ ప్రశ్న సరైన అంకె మీద అడుగుతున్నాడు.